యజమాని కాగితంలో తప్పిన మూడు అంకెలు

ప్రశ్న: నేను 1990 మార్చిలో పుట్టాను. హైదరాబాద్ శివార్లలో ఏడుగురం పనిచేసే చిన్న యూనిట్‌లో ఆరేళ్లుగా పవర్ ప్రెస్ ఆపరేటర్‌ని. ఈఎస్ఐ లేదు. 2024 ఆగస్టు 12న ప్రెస్‌లో చేయి పడి కుడి బొటనవేలి చివరి కణుపు, చూపుడు వేలి చివరి కణుపు పోయాయి. బేసిక్ 9,000, వయసు 35, సదరం సర్టిఫికెట్‌లో 18 శాతం అని లెక్కవేసి 1,91,542 రూపాయలు వస్తుందని, ఆసుపత్రికి కట్టిన 62,000 పోను 1,29,542 ఇస్తామని కాగితం రాసి సంతకం పెట్టమంటున్నారు. చేయి లోపలికి పోకుండా అడ్డుండే గార్డు లేకుండా మెషీన్ నడపడం నా తప్పేనట, అదే జీతంతో హెల్పర్‌గా పెట్టుకున్నారు కాబట్టి నాకు నష్టమే లేదట. ఇప్పుడు పని మానేసి విజయనగరం దగ్గర మా ఊళ్లో ఉంటున్నాను. ఈ లెక్క సరైనదేనా? మెడికల్ కాగితాలు, బ్యాంకు వివరాలు జతపరిచాను.

సమాధానం: ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మీ యజమాని వాడిన సూత్రం సరైనదే, కానీ అందులో వేసిన మూడు అంకెలూ తప్పు. మీరు పంపిన కాగితాలను బట్టి మీకు రావలసిన పరిహారం 4,99,616 రూపాయలు. ఆసుపత్రి ఖర్చు అందులోంచి తీసివేయడానికి వీల్లేదు, ఆలస్యానికి వడ్డీ కూడా దీనికి అదనం.

ముందుగా ఏ చట్టం వర్తిస్తుందో చెప్పాలి. ఈఎస్ఐ కింద బీమా ఉన్న కార్మికుడైతే అతను యజమాని నుంచి విడిగా పరిహారం అడగలేడు, ఈఎస్ఐ కార్పొరేషన్ ఇచ్చే వైకల్య ప్రయోజనమే తీసుకోవాలి. మీ యూనిట్‌కు ఈఎస్ఐ లేదు కనుక యజమాని మీద నేరుగా 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద క్లెయిమ్ ఉంటుంది. చాలామంది దీన్ని ఇప్పటికీ పాత పేరుతో వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టం అనే పిలుస్తారు. 2025 నవంబర్ 21 నుంచి దీని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. అయితే మీ ప్రమాదం అంతకు ముందే జరిగింది కాబట్టి మీ హక్కు పాత చట్టం కింద ఏర్పడినదే.

శాశ్వత పాక్షిక వైకల్యానికి పరిహారం లెక్కించేటప్పుడు చట్టం ఒక చుట్టుదారి పడుతుంది. మనిషి పూర్తిగా ఏ పనీ చేయలేని స్థితికి వచ్చి ఉంటే ఎంత ఇవ్వాలో ముందుగా తేలుస్తుంది, ఆ మొత్తంలో గాయానికి తగిన శాతాన్ని తర్వాత ఇస్తుంది. పూర్తి వైకల్యానికి ఇచ్చే మొత్తం అంటే నెల వేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి నాలుగో షెడ్యూలులో ఇచ్చిన గుణకంతో హెచ్చించగా వచ్చేది. కాబట్టి లెక్కలో మీకు తెలియవలసినవి మూడే అంకెలు: నెల వేతనం, వయసు గుణకం, సంపాదనా శక్తి నష్టం శాతం. మీ యజమాని 9,000లో 60 శాతమైన 5,400ని 35 ఏళ్ల గుణకం 197.06తో హెచ్చించి, అందులో 18 శాతం తీసి 1,91,542 తేల్చారు. కూడికలు, హెచ్చవేతలు తప్పలేదు. లెక్క తెలిసిన మనిషే వేసి ఉంటారు, అందుకే ఆ కాగితం చూడగానే నమ్మబుద్ధి వేస్తుంది.

మొదటి అంకె నెల వేతనం. ఈ చట్టంలో వేతనం అంటే బేసిక్ ఒక్కటే కాదు. డబ్బు రూపంలో విలువ కట్టగలిగిన ప్రతి ప్రయోజనమూ అందులోకి వస్తుంది. ప్రయాణ భత్యం, ప్రావిడెంట్ ఫండ్‌కూ పింఛనుకూ యజమాని కట్టే వాటా, పని స్వభావం వల్ల అయ్యే ప్రత్యేక ఖర్చులకు ఇచ్చే సొమ్ము మాత్రం రావు. మీ బ్యాంకు వివరాల్లో 2023 ఆగస్టు నుంచి 2024 జూలై వరకు పన్నెండు నెలల్లో జీతం కింద పడిన మొత్తం 1,82,400 రూపాయలు. అందులో నెలకు 800 చొప్పున బస్సు ఖర్చు ఉంది, అది ప్రయాణ భత్యం కాబట్టి 9,600 తీసేయాలి. మిగిలిన 1,72,800లో బేసిక్, నెలకు 2,000 ఇంటి అద్దె అలవెన్సు, 1,000 హాజరు అలవెన్సు, ఏడాది పొడవునా వచ్చిన 28,800 ఓవర్‌టైమ్ ఉన్నాయి. చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం ప్రమాదానికి ముందు పన్నెండు నెలలు ఒకే యజమాని దగ్గర ఎడతెగకుండా పనిచేసిన వారికి ఆ ఏడాది మొత్తం వేతనంలో పన్నెండో వంతే నెల వేతనం. అంటే మీది 14,400 రూపాయలు.

ఇక్కడ ఒక్క విషయం మీరే సరిచూసుకోవాలి. ఆ పన్నెండు నెలల్లో ఎప్పుడైనా వరుసగా పద్నాలుగు రోజులకు మించి పనికి వెళ్లకుండా ఉన్నారా? పండక్కో పెళ్లికో ఊరెళ్లి ఇరవై రోజులు ఉండిపోవడం మన దగ్గర మామూలే. అలా జరిగితే చట్టం దృష్టిలో సర్వీసు అక్కడితో తెగినట్టు. అప్పుడు పన్నెండో వంతు లెక్క పనికిరాదు. తిరిగి పనిలో చేరిన నాటి నుంచి ప్రమాదం వరకు సంపాదించినదాన్ని ఆ రోజుల సంఖ్యతో భాగించి ముప్పైతో హెచ్చించాలి. ఆ రోజుల్లో ఓవర్‌టైమ్ ఎక్కువగా ఉంటే మీకు లాభం, తక్కువగా ఉంటే నష్టం. బ్యాంకు వివరాల్లో ఏ నెల జీతమూ గణనీయంగా తగ్గలేదు కనుక మీకు అలాంటి విరామం లేదనే అనుకుంటున్నాను.

వేతనానికి పై హద్దు కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వం 2020 జనవరి 3 నుంచి ఈ లెక్క కోసం నెల వేతనాన్ని 15,000 రూపాయలుగా నోటిఫై చేసింది, అంతకు ముందు అది 8,000 ఉండేది. అంతకంటే ఎక్కువ జీతం ఉన్నవారికి కూడా సాధారణంగా 15,000 మీదే లెక్క వేస్తారు. మీ 14,400 దాని లోపలే ఉంది కాబట్టి మీకు ఈ గొడవ లేదు.

రెండో అంకె వయసు. నాలుగో షెడ్యూలులో 16 ఏళ్లు, అంతకు లోపు వారికి 228.54తో మొదలయ్యే గుణకం 65 ఏళ్లు, ఆ పైబడిన వారికి 99.37కి దిగుతుంది. 20 ఏళ్లకు అది 224.00, 40కి 184.17, 60కి 117.41. కొందరు దీన్ని రిటైర్మెంటుకు మిగిలిన నెలల సంఖ్య అనుకుంటారు. అది పొరపాటు. మీకు 34 నుంచి 60 దాకా 312 నెలలు మిగిలి ఉన్నా గుణకం 199.40 మాత్రమే. వయసు లెక్కలోకి తీసుకునేది పరిహారం బాకీ పడిన తేదీకి సరిగ్గా ముందు వచ్చిన పుట్టినరోజుకు నిండిన ఏళ్లను. ఆ బాకీ పడే తేదీ ఏది అన్నదానికి జవాబు చాలాకాలం క్రితమే వచ్చింది. 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పరిహారం బాకీ పడేది ప్రమాదం జరిగిన రోజేనని, ఈ కేసులు విచారించే కమిషనర్ తీర్పు ఇచ్చిన రోజు కాదని చెప్పింది. 2024 ఆగస్టు 12 నాటికి మీకు నిండినవి 34 ఏళ్లు. మీ యజమాని కాగితం రాసే నాటికి 35 నిండాయి కాబట్టి ఆ వయసు వేశారు. ఈ తప్పు వల్ల మీకు పోయేది పెద్ద మొత్తం కాదు, కానీ కేసు నాలుగైదేళ్లు సాగినవారి విషయంలో ఇదే తప్పు పదుల వేలల్లోకి వెళుతుంది. రుజువుగా పదో తరగతి సర్టిఫికెట్ పెట్టండి. ఆధార్‌లో జనవరి 1 అని నమోదైన పుట్టినతేదీలు మన దగ్గర కోకొల్లలు, అవతలి న్యాయవాది దాన్ని పట్టుకుని ప్రశ్నలు వేస్తాడు.

మూడో అంకె శాతం. మీ లెక్కలో అన్నిటికంటే పెద్ద తేడా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. సదరం శిబిరంలో డాక్టర్లు కొలిచింది శరీరంలో, మరీ చెప్పాలంటే చేతిలో, ఎంత లోపం ఏర్పడిందన్నది. అది పింఛనుకు, బస్సు పాసుకు, రిజర్వేషన్లకు పనికివచ్చే కొలత. నష్టపరిహార చట్టం అడిగేది వేరే ప్రశ్న: ఈ గాయం వల్ల మనిషి సంపాదించే శక్తి ఎంత తగ్గింది? ఒకే గాయానికి ఈ రెండు ప్రశ్నల జవాబులు వేర్వేరుగా రావచ్చు. చిటికెన వేలు పోయిన గుమస్తాకూ, అదే వేలు పోయిన వీణ వాయించే మనిషికీ శరీర లోపం ఒక్కటే, సంపాదన నష్టం ఒక్కటి కాదు.

తరచుగా జరిగే గాయాల విషయంలో ఈ ప్రశ్నకు డాక్టరును అడగనవసరం లేకుండా చట్టమే జవాబు రాసిపెట్టింది. మొదటి షెడ్యూలు రెండో భాగంలో ఏ అవయవం ఎంత మేర పోతే ఎంత శాతం సంపాదనా శక్తి నష్టమో వరుసగా ఉంటుంది. బొటనవేలు మొత్తం పోతే 30 శాతం, చివరి కణుపు పోతే 20, ఎముక పోకుండా కొన మాత్రమే తెగితే 10. చూపుడు వేలు మొత్తానికి 14, రెండు కణుపులకు 11, ఒక కణుపుకు 9, ఎముక పోకుండా కొన తెగితే 5. మీ డిశ్చార్జి సమ్మరీలో బొటనవేలు మధ్య కీలు దగ్గర, చూపుడు వేలు చివరి కీలు దగ్గర తెగినట్టు స్పష్టంగా ఉంది. ఎక్స్‌రే ఫిల్ము ఫొటోలో కూడా రెండు చివరి ఎముకలూ కనిపించడం లేదు. కాబట్టి మీవి 20, 9. ఒకే ప్రమాదంలో ఒకటి కంటే ఎక్కువ గాయాలైతే వాటికి వచ్చే పరిహారాలను కలపాలని 4వ సెక్షన్ వివరణలోనే ఉంది, ఆ మొత్తం పూర్తి వైకల్యానికి ఇచ్చేదాన్ని మించకూడదన్నదే షరతు. 20, 9 కలిస్తే 29 శాతం.

ఆ ఎక్స్‌రే ఫిల్మును భద్రంగా దాచుకోండి. కొన తెగడానికీ, కణుపు పోవడానికీ మధ్య తేడా మీ లెక్కలో 15 శాతానికీ 29 శాతానికీ ఉన్నంత తేడా. అంటే సగానికి సగం. గాయం మానిపోయాక చర్మం చుట్టుకుపోయిన వేలిని పైనుంచి చూస్తే ఎముక ఎంత పోయిందో తెలియదు. నేను చూసిన ఒక కేసులో ఆసుపత్రి కాగితంలో ఎవరో తొందరలో వేలి కొన తెగింది అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ఆ కార్మికుడు ఏడాదిన్నర తర్వాత కొత్తగా ఎక్స్‌రే తీయించి, దాన్ని రుజువు చేయడానికి డాక్టరును సాక్ష్యానికి పిలిపించవలసి వచ్చింది. మీ సమ్మరీ రాసిన డాక్టరు ఏ కీలు దగ్గర తెగిందో పేరు పెట్టి రాశారు, మీకు ఆ అవస్థ తప్పింది.

మరో సంగతి మీ డాక్టరును అడిగి తెలుసుకోవాలి. బొటనవేలిలో మిగిలిన భాగం వంగుతోందా? దానితో ఏదైనా పట్టుకోగలుగుతున్నారా? ఎందుకంటే ఆ షెడ్యూలు చివర ఒక గమనిక ఉంది: ఏదైనా అవయవం ఉన్నా దాని ఉపయోగం శాశ్వతంగా, పూర్తిగా పోతే ఆ అవయవమే పోయినట్టు లెక్క. బొటనవేలి మిగిలిన భాగం పూర్తిగా బిగుసుకుపోయి ఎందుకూ కొరగానిదైతే మొత్తం బొటనవేలు పోయినట్టు భావించి 20 బదులు 30 శాతం అడగవచ్చు. అప్పుడు మొత్తం 39 శాతం, పరిహారం 6,71,898 రూపాయలు. అయితే కాస్త బిగుసుగా ఉండటం చాలదు, పూర్తిగా పనికిరాకుండా పోవాలి. మీ లేఖ చక్కటి దస్తూరీతో ఉంది. అది కుడి చేత్తోనే రాశారంటే ఈ వాదన నిలబడదని మొహమాటం లేకుండా చెప్పాలి.

ఇంకొకరు మీకు వంద శాతం వస్తుందని కూడా చెప్పవచ్చు. పైన చెప్పిన 1975 తీర్పులోనే ఎడమ చేయి మోచేతి పైన తెగిన ఒక వడ్రంగికి సుప్రీంకోర్టు పూర్తి వైకల్యం కింద పరిహారం సమర్థించింది, షెడ్యూలు ప్రకారం ఆ గాయానికి అంత శాతం లేకపోయినా సరే. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు అన్నదే అక్కడి కారణం. రెండు వేళ్ల కొసలు పోయిన ప్రెస్ ఆపరేటర్‌కు ఆ తీర్పును సాగదీసే న్యాయవాదులు ఉన్నారు. ప్రమాదం తర్వాత మీరు కొన్నాళ్లు హెల్పర్‌గా పనిచేశారు కూడా. ఆ వాదన వల్ల కేసు సాగడం తప్ప ఒరిగేదేమీ ఉండదని నా అభిప్రాయం.

ఇప్పుడు యజమాని కాగితాన్నే తీసుకుని ఒక్కో అంకె దిద్దుకుంటూ వెళదాం. వారి 1,91,542లో వేతనం ఒక్కటే దిద్ది, 9,000 బదులు 14,400 వేస్తే 3,06,467 అవుతుంది. వయసు గుణకాన్ని 199.40 చేస్తే 3,10,106. ఆ తర్వాత 18 శాతాన్ని 29 చేస్తే, అంటే 8,640ని 199.40తో హెచ్చించగా వచ్చే 17,22,816లో 29 శాతం తీస్తే, 4,99,616. వయసు దిద్దితే పెరిగింది మూడున్నర వేలు మాత్రమే, వేతనం దిద్దితే లక్షా పదిహేను వేలు, శాతం దిద్దితే దాదాపు లక్షా తొంభై వేలు. విచారణలో మీ శక్తి ఎక్కడ పెట్టాలో ఈ తేడాలే చెబుతాయి.

ఆసుపత్రి ఖర్చు విషయం. పనిలో తగిలిన గాయానికి అయిన అసలు వైద్య ఖర్చును యజమానే భరించాలని 2009 సవరణతో 4వ సెక్షన్‌లో చేర్చిన 2ఎ ఉపసెక్షన్ చెబుతోంది. వైద్యానికి యజమాని ఇచ్చిన సొమ్మును పరిహారంగా లెక్కకట్టకూడదన్న వివరణ కూడా అదే సెక్షన్‌లో ఉంది. కాబట్టి 62,000 తగ్గించడం కుదరదు. మీరు సొంతంగా కొన్న మందుల బిల్లులు ఉంటే అవి కూడా విడిగా అడగండి. మీరు ఇంట్లో కట్టుతో ఉన్న రోజుల్లో యజమాని పరిహారం కింద ఏమైనా డబ్బు ఇచ్చి ఉంటే మాత్రం దాన్ని తగ్గించుకునే హక్కు ఆయనకు ఉంది. అలాంటిది ఉంటే మీరే ముందు చెప్పండి, దాచి దొరికిపోతే మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

గార్డు మాట. కార్మికుడి అజాగ్రత్త ఈ చట్టంలో యజమానికి రక్ష కాదు. మీ వైపు కొంత ఏమరుపాటు ఉందని తేలినా పరిహారం ఒక్క రూపాయి తగ్గదు. యజమాని తప్పించుకోగలిగేది కొన్ని సందర్భాల్లోనే: మీరు తాగి ఉండటం వల్ల ప్రమాదం జరిగినా, భద్రత కోసం స్పష్టంగా పెట్టిన నియమాన్ని కావాలనే ఉల్లంఘించినా, కార్మికుల రక్షణకే పెట్టారని తెలిసీ గార్డును కావాలనే తీసేసినా లేదా పట్టించుకోకపోయినా. ఇది రుజువు చేయవలసిన భారం ఆయనదే. ఆ మెషీన్‌కు గార్డు ఎప్పుడైనా ఉందా, ఉంటే ఎవరు, ఎందుకు తీశారు అన్నది మీతో పనిచేసిన వారిలో ఒకరైనా చెప్పగలిగితే మంచిది. ఉత్పత్తి తగ్గుతోందని సూపర్‌వైజరే గార్డు విప్పించి పక్కన పడేయడం ప్రెస్ షాపుల్లో కొత్త విషయం కాదు. అలాంటప్పుడు అది కార్మికుడి ఉల్లంఘన ఎలా అవుతుంది?

అదే జీతంతో పని ఇచ్చాం కాబట్టి నష్టం లేదన్న వాదనకు కూడా జవాబు షెడ్యూలులోనే ఉంది. రెండో భాగంలో ఉన్న గాయం అయితే శాశ్వత పాక్షిక వైకల్యం ఏర్పడినట్టే చట్టం భావిస్తుంది, సంపాదన నష్టం శాతం కూడా అక్కడే స్థిరంగా ఉంటుంది. ప్రమాదం తర్వాత జీతం తగ్గిందా లేదా అన్నది ఇటువంటి గాయాలకు అడగవలసిన ప్రశ్నే కాదు. పైగా ఆ హెల్పర్ జీతం యజమాని దయ మీద ఆధారపడింది, రేపు మీరు వేరే యూనిట్‌కు వెళ్లి ప్రెస్ ఆపరేటర్ పని అడిగితే ముందు మీ చేతి వైపు చూస్తారు.

ఆలస్యం సంగతి. బాకీ పడిన నెల రోజుల్లోగా పరిహారం చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ ఇవ్వాలి. మీ మొత్తం మీద అది ఏడాదికి దాదాపు 60,000, నెలకు 5,000. అంటే మీ యజమాని ఇస్తామంటున్న 1,29,542లో పెద్ద భాగం వడ్డీకే సరిపోతుంది. ఆలస్యానికి సరైన కారణం లేదని కమిషనర్ భావిస్తే, యజమానిని సంజాయిషీ అడిగి, పరిహారంలో 50 శాతానికి మించని జరిమానా కూడా అదనంగా వేయవచ్చు. యజమానికి బీమా పాలసీ ఉంటే పరిహారం, వడ్డీ బీమా కంపెనీ మీదకు వెళ్లవచ్చు కానీ జరిమానా మాత్రం సొంత జేబులోంచే కట్టాలి. ఇది తెలిసిన యజమానులు రాజీకి త్వరగా వస్తారు. పూర్తి బాధ్యత ఒప్పుకోకపోయినా, తాము ఒప్పుకున్నంత వరకు తాత్కాలికంగా చెల్లించాలన్నది కూడా అదే సెక్షన్‌లో ఉంది. కాబట్టి మీ సంతకంతో ముడిపెట్టకుండా ఆ 1,91,542ని ముందు కట్టి మిగతాదాని మీద వాదించుకొమ్మని నోటీసులో అడగండి.

ఆ రాజీ కాగితం గురించి. పరిహార హక్కును వదులుకుంటూ లేదా తగ్గించుకుంటూ రాసుకున్న ఒప్పందం ఆ మేరకు చెల్లదని 17వ సెక్షన్ చెబుతోంది. మొత్తంగా ఇచ్చే సొమ్ముకు ఒప్పందం కుదిరితే దాని మెమొరాండాన్ని యజమాని కమిషనర్‌కు పంపి నమోదు చేయించాలి. సొమ్ము సరిపడా లేదనిపిస్తే నమోదుకు కమిషనర్ నిరాకరించవచ్చు. నమోదు చేయించకపోతే యజమాని పూర్తి పరిహారానికి బాధ్యుడే, పైగా కమిషనర్ వేరుగా ఆదేశిస్తే తప్ప అప్పటికే ఇచ్చిన సొమ్ములో సగానికి మించి తగ్గించుకోలేడు. ఇంటి అవసరాల వల్ల మీరు ఇప్పటికే ఎక్కడైనా సంతకం చేసి ఉన్నా దారి మూసుకుపోలేదని చెప్పడానికే ఇదంతా రాశాను. అయినా సంతకం చేసి ఆ తర్వాత పోరాడటం కంటే చేయకుండా ఉండటమే తేలిక.

కేసు వేయడానికి మీరు హైదరాబాద్ రానవసరం లేదు. ప్రమాదం జరిగిన చోట గానీ, మీరు మామూలుగా నివసించే చోట గానీ, యజమాని రిజిస్టర్డ్ కార్యాలయం ఉన్న చోట గానీ దరఖాస్తు చేయవచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ కార్మిక శాఖ అధికారులే ఈ చట్టం కింద కమిషనర్లుగా కూర్చుంటారు. విజయనగరంలోని కార్మిక శాఖ కార్యాలయంలో అడిగితే మీ ప్రాంతానికి అధికారి ఎవరో చెబుతారు. అక్కడ వేస్తే ప్రమాదం జరిగిన ప్రాంతపు కమిషనర్‌కు ఆయన నోటీసు పంపాలి, అందుకు కొంత సమయం పడుతుంది. సాక్షులంతా హైదరాబాద్‌లో ఉన్నారు కదా అని వెనకాడకండి. మీ కేసులో చాలా భాగం ఎక్స్‌రే, డిశ్చార్జి సమ్మరీ, బ్యాంకు వివరాలు, పదో తరగతి సర్టిఫికెట్ ఈ నాలుగు కాగితాల మీదే తేలుతుంది. గార్డు వాదన గట్టిగా పైకి వస్తేనే సాక్షి అవసరం.

దరఖాస్తుకు ముందు యజమానికి ప్రమాదం తేదీ, గాయం, మీరు అడుగుతున్న మొత్తం రాసి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, రసీదు, అందినట్టు వచ్చే రుజువు దాచుకోండి. తర్వాత ఫారం ఎఫ్‌లో దరఖాస్తు నింపేటప్పుడు వేతనం గడిలో బేసిక్ కాకుండా 14,400 రాసి, ఆ లెక్క వచ్చిన తీరును విడి కాగితం మీద జతపరచండి. గాయం గడిలో సదరం శాతం రాయకండి. ఏ వేలు, ఏ కణుపు, ఏ కీలు దగ్గర తెగింది అని డిశ్చార్జి సమ్మరీలో ఉన్న మాటలనే దించండి. ప్రమాదం నుంచి రెండేళ్లలోపు దరఖాస్తు వేయాలి కనుక మీరు 2026 ఆగస్టు 11 లోపే వేసేయండి. యజమానితో మాటలు సాగుతున్నాయన్న కారణంతో ఆ తేదీ దాటనివ్వకండి.